‘పోగొట్టిన’ అన్న మాట దగ్గరే పాఠకుడు ఆగిపోతాడు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో ఒక చిన్న స్వచ్ఛంద గ్రంథాలయం. సభ్యుల నుంచి 200 రూపాయల డిపాజిట్ తీసుకొని 15 రోజుల గడువుతో ఇంటికి పుస్తకాలు ఇస్తాము. గోడ మీద చాలా ఏళ్లుగా ఈ బోర్డు ఉంది: “గడువు మీరిన పుస్తకములకు రోజుకు 1 రూపాయి చొప్పున జరిమానా వసూలు చేయబడును. పుస్తకమును పోగొట్టిన లేక పాడుచేసిన సభ్యుల నుండి పుస్తకపు ధరకు మూడు రెట్లు, జరిమానాతో సహా వసూలు చేయబడును. చెల్లించని వారి డిపాజిట్ జప్తు చేయబడి సభ్యత్వము రద్దు చేయబడును. ఈ విషయమై ఎట్టి వాదోపవాదములకు తావు లేదు.” పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకం తీసుకెళ్లి మళ్లీ రావడమే మానేస్తున్నారు. దీన్ని మర్యాదగా, సాయపడే విధంగా తిరగరాయమని కమిటీ నాకు అప్పగించింది. మెత్తగా రాస్తే ఒక్క పుస్తకమూ వెనక్కి రాదని మా కోశాధికారి అంటున్నారు. ఎలా రాయాలి?
— ఒక కార్యదర్శి, ప్రొద్దుటూరు

సమాధానం: మీ కోశాధికారిగారి భయాన్ని ముందుగా లెక్క వేసి చూద్దాము. ఎందుకంటే మీ బోర్డులో మాటల కరకుదనం పైకి కనిపించే లోపం మాత్రమే. దాని అడుగున అంకెల్లో ఇంకొక లోపం ఉంది, దాన్ని సవరించకుండా ఎంత మంచి తెలుగు రాసినా ఫలితం ఉండదు.

మైదుకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి మీ ఊళ్లో గది అద్దెకు తీసుకొని డీఎస్సీకి చదువుకుంటున్న ఒక అమ్మాయి 180 రూపాయల పుస్తకం తీసుకెళ్లిందనుకోండి. వేరుశెనగ పీకే రోజుల్లో ఇంటికి వెళ్లింది, అక్కడే ఉండిపోయింది, గడువు దాటి 120 రోజులైంది. ఇప్పుడు పుస్తకం తెచ్చి ఇస్తే ఆమె 120 రూపాయలు కట్టాలి. పుస్తకం ఎక్కడో పోయి, ఆ మాట నిజాయితీగా వచ్చి చెబితే మూడు రెట్ల ధర 540, దాని మీద ఆలస్యానికి 120, మొత్తం 660 రూపాయలు కట్టాలి. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఆమెకు పోయేది 200 రూపాయల డిపాజిట్ మాత్రమే. అంటే మీ నిబంధన నిజం చెప్పిన మనిషి దగ్గర మౌనంగా ఉన్న మనిషి దగ్గరకంటే 460 రూపాయలు ఎక్కువ తీసుకుంటోంది. పుస్తకం పోకపోయినా సరే, ఆలస్యం 200 రోజులు దాటిన మరునాటి నుంచి తిరిగి ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే చవక. మీ దగ్గరికి రావడం మానేసిన పిల్లలు బోర్డును సరిగ్గానే చదివారు.

అందుచేత మాటల కంటే ముందు కమిటీ చేత మూడు మార్పులు ఒప్పించండి. మొదటిది, ఆలస్య రుసుముకు ఒక హద్దు పెట్టండి. గడువు తరువాత వారం రోజులు ఏమీ తీసుకోకుండా, ఆపైన రోజుకు రూపాయి చొప్పున, ఒక పుస్తకానికి ఎన్ని రోజులైనా 20 రూపాయలకు మించకుండా ఉంచితే చాలు. రెండవది, పోయిన పుస్తకానికి మూడు రెట్లు అన్నది తీసివేసి, అదే పుస్తకం మరొక ప్రతి గానీ ఈనాటి ధర గానీ అడగండి. దానికి అట్ట, నంబరు, ముద్ర వేసే ఖర్చు కింద ఒక 20 రూపాయలు కలపవచ్చు. మూడవది, పుస్తకం పోయిందని సభ్యుడు చెబితే ఆ పుస్తకం మీద ఆలస్య రుసుము తీసుకోకండి. ఇప్పుడు అదే అమ్మాయి లెక్క చూడండి: పుస్తకం తెచ్చి ఇస్తే 20 రూపాయలు, పోయిందని చెబితే 200 రూపాయలు కట్టి సభ్యత్వం నిలుపుకుంటుంది, డిపాజిట్ కూడా అలాగే ఉంటుంది, మౌనంగా ఉంటే ఆ 200 పోగా సభ్యత్వం కూడా పోతుంది. వచ్చి చెప్పడం ఏ విధంగా చూసినా నష్టం కాని స్థితి ఇప్పుడు ఏర్పడింది. ఇక దాన్ని చెప్పే మాటలకు అర్థం ఉంటుంది.

ఆలస్య రుసుమును పూర్తిగా ఎత్తివేయవచ్చు కదా అని మీ కమిటీలో ఎవరైనా అడగవచ్చు, ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఐర్లండ్ ప్రజా గ్రంథాలయాలు 2019 జనవరిలో ఎత్తివేశాయి, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021 అక్టోబరులో ఎత్తివేసింది. అయితే న్యూయార్క్‌లో ఎత్తివేసింది ఆలస్యానికి తీసుకునే డబ్బునే తప్ప, తిరిగి రాని పుస్తకం ఖరీదును కాదు. ఈ రెండూ వేరు వేరు విషయాలు. ఒకటి పాఠకుణ్ని త్వరగా రప్పించడానికి పెట్టినది, రెండవది ఖాళీ అయిన చోట మరొక పుస్తకం పెట్టడానికి కావలసినది. మీ బోర్డు రెండింటినీ ‘జరిమానా’ అన్న ఒక్క మాటలో కలిపివేసింది, అందుకే పుస్తకం పోయినవాడికి తానేదో నేరం చేసినట్లు అనిపిస్తుంది. మొదటిదాన్ని ‘ఆలస్య రుసుము’ అనండి, రెండవదాన్ని ‘పుస్తకం ఖరీదు’ అనండి. ‘జరిమానా’ అన్న మాటను పోలీసుస్టేషనుకూ కోర్టుకూ వదిలేయవచ్చు.

ఇక భాష విషయం. మీ బోర్డులోని క్రియలను ఒకసారి గట్టిగా చదవండి: వసూలు చేయబడును, జప్తు చేయబడి, రద్దు చేయబడును. ఈ పనులన్నీ చేసేది ఎవరో ఎక్కడా లేదు. చేసేవాడు కనిపించని వాక్యంతో ఎవరూ మాట్లాడలేరు, తన ఇబ్బంది చెప్పుకోవాలన్నా ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. ‘మేము’, ‘మీరు’ అన్న రెండు మాటలు చేర్చి రాయడం మొదలుపెడితే సగం కరకుదనం దానంతట అదే పోతుంది: “20 రూపాయలు వసూలు చేయబడును” బదులు “మేము 20 రూపాయలు తీసుకుంటాము”. చాలామంది దీనికి బదులు పాత వాక్యానికి ముందు ‘దయచేసి’ అని తగిలిస్తారు. “దయచేసి గడువులోగా ఇవ్వనిచో సభ్యత్వము రద్దు చేయబడును” అన్న వాక్యంలో దయ ఎక్కడుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఇంతకంటే ముఖ్యమైనది మన భాషలోనే ఉన్న ఒక సౌకర్యం. తెలుగులో చాలా క్రియలు జంటలుగా ఉంటాయి: చించడం, చిరగడం; తడపడం, తడవడం; పాడుచేయడం, పాడవడం; పోగొట్టడం, పోవడం. మొదటివాటిలో చేసిన మనిషి ఉంటాడు, రెండవవాటిలో జరిగిన సంగతి మాత్రమే ఉంటుంది. “పుస్తకమును పోగొట్టిన లేక పాడుచేసిన సభ్యుల నుండి” అని రాసినప్పుడు ఇంకా ఏమీ విచారించకముందే తీర్పు చెప్పేశారు. బస్సులో సంచి మరిచిపోయినవాడూ, వానకు ఇంటి కప్పు కారి అట్ట తడిసినవాడూ, కావాలని పేజీలు చింపుకున్నవాడూ ఆ ఒక్క మాట కిందికే వస్తారు. “పుస్తకం పోతే”, “పుస్తకం తడిసినా చిరిగినా” అని రాస్తే చదివే మనిషి తన సంగతిని అందులో చూసుకోగలుగుతాడు. ‘పోగొట్టుకుంటే’ అన్నా కొంత మేలే, కానీ ‘పోతే’ అన్నదే ఎక్కువ మేలు. కావాలని పేజీలు చింపుకునేవారు కూడా ఉంటారు, నిజమే. ఆ సంగతి కమిటీ విడిగా చూసుకోవచ్చు, దాని కోసం బోర్డు మీద అందరినీ అనుమానించనక్కరలేదు.

నేను అనంతపురంలో ఒక కళాశాల గ్రంథాలయంలో పని చేసిన రోజుల్లో, ఒక ఉదయం తలుపు తీయడానికి వెళ్తే గుమ్మం ముందు గుడ్డసంచిలో నాలుగు పుస్తకాలు కనిపించాయి. వాటి వెనుక అట్ట లోపలి చీటీ మీద చివరి గడువు తేదీ తొమ్మిదేళ్ల కిందటిది. పుస్తకాలను నమోదు చేసే అక్సెషన్ రిజిస్టరులో వాటి ఎదురుగా ‘రాలేదు’ అని ఎర్ర సిరాతో ఎప్పుడో రాసి కొట్టివేశారు. ఇచ్చినవారు ఎవరో తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదు. కానీ మా బోర్డు కూడా మీ బోర్డులాగే ఉండేది, అందువల్ల ఆ నాలుగు పుస్తకాలు తొమ్మిదేళ్లు ఎవరి ఇంటి అటక మీదో ఉండిపోయాయన్న బాధ మాత్రం కలిగింది.

ఇప్పుడు మీ బోర్డును నేనైతే ఎలా రాస్తానో చూపుతాను. అంకెలు మీ కమిటీ నిర్ణయించినట్లు మార్చుకోండి.

“ఇంటికి తీసుకెళ్లిన పుస్తకాన్ని 15 రోజులు ఉంచుకోవచ్చు. ఇంకా చదవడం పూర్తి కాకపోతే ఫోను చేసి చెప్పండి. వేరొకరు ఆ పుస్తకం అడిగి ఉండకపోతే మరో 15 రోజులు పొడిగిస్తాము. ఆలస్యమైనా పుస్తకం తీసుకురండి. మొదటి వారం ఆలస్యానికి ఏమీ తీసుకోము. ఆ తరువాత రోజుకు ఒక రూపాయి, ఎన్ని రోజులైనా ఒక పుస్తకానికి 20 రూపాయలకు మించదు.

పుస్తకం పోతే మాకు చెప్పండి. చెప్పినవారి దగ్గర ఆ పుస్తకానికి ఆలస్య రుసుము తీసుకోము. అదే పుస్తకం ఇంకొక ప్రతి, పాతదైనా ఫరవాలేదు, తెచ్చి ఇవ్వవచ్చు. లేదా ఈనాటి ధర కట్టవచ్చు. రెండింటిలో ఏది చేసినా అట్టకూ నంబరుకూ 20 రూపాయలు అవుతాయి. ఒకేసారి కట్టలేకపోతే మూడు నెలల్లో కొంచెం కొంచెంగా కట్టండి, అంతవరకు ఇక్కడే కూర్చొని చదువుకోవచ్చు. డబ్బు కట్టిన తరువాత ఆరు నెలల్లోపు పుస్తకం దొరికితే తెచ్చి ఇవ్వండి, 20 రూపాయలు పోగా మిగిలింది తిరిగి ఇస్తాము.

పుస్తకం తడిసినా చిరిగినా టేపు అంటించకుండా అలాగే తీసుకురండి. బాగుచేయగలిగితే మేమే చేయిస్తాము, ఏమీ తీసుకోము.

రెండు నెలలు దాటినా పుస్తకం రాకపోతే, మేము రెండుసార్లు ఫోను చేసినా కబురు తెలియకపోతే, డిపాజిట్‌తో మరొక ప్రతి కొని సభ్యత్వం నిలిపివేస్తాము. తరువాత ఎప్పుడు వచ్చి మాట్లాడినా సభ్యత్వాన్ని తిరిగి ఇస్తాము.”

చివరి పేరా చూసి మీ కోశాధికారిగారు కొంత ఊరట చెందుతారని అనుకుంటాను. చెల్లించని వారికి పాత బోర్డులో ఉన్న దండన అంతా అందులో ఉంది: డిపాజిట్ పోతుంది, సభ్యత్వం ఆగుతుంది. అయితే డిపాజిట్ ఎందుకు పోతోందో (మరొక ప్రతి కొనడానికి), ఎప్పుడు పోతుందో, దానికి ముందు మేము ఏమి చేస్తామో అన్నీ చెప్పాము. నిబంధన మెత్తబడటం అంటే పర్యవసానాన్ని దాచడం కాదు. పర్యవసానాన్ని దాచిపెట్టి, అంకెలన్నీ తీసేసి, “ఆలస్యమైతే సందర్భాన్ని బట్టి సహృదయంతో నిర్ణయిస్తాము” అని రాసే కమిటీలను కూడా చూశాను. చదవడానికి అది ఎంతో మర్యాదగా ఉంటుంది. ఆచరణలో అధ్యక్షులవారి బావమరిదికి రుసుము ఉండదు, అద్దె గదిలో ఉండే పల్లెటూరి పిల్లవాడికి ఉంటుంది. అంకె రాసి ఉండటమే బీదవాడికి మర్యాద.

టేపు గురించిన మాట ఎందుకు పెట్టానంటే, పాఠకులు భయపడి చిరిగిన పేజీలకు మామూలు సెల్లోటేపు అంటించి తెస్తారు. అది కొన్నేళ్లకు పసుపురంగుకు తిరిగి, జిగురు కాగితంలోకి ఇంకి, ఆ పేజీని ఇక బాగుచేయడం చాలా కష్టమయ్యేలా చేస్తుంది. చిరుగు కంటే దాన్ని దాచే ప్రయత్నమే పుస్తకానికి ఎక్కువ హాని చేస్తుంది, ఆ ప్రయత్నానికి కారణం ‘పాడుచేసిన సభ్యులు’ అన్న మాటే.

ధర విషయంలో ఒక చిక్కు ఉంది. మూడు రెట్ల నిబంధన కొత్త గైడు మీద భారీగా పడుతుంది, కానీ అసలు విలువైన పుస్తకాన్ని కాపాడదు. మీ బీరువాలో 1960ల నాటి పుస్తకం ఒకటి ఉంటే దాని మీద ముద్రించిన ధర మూడు రూపాయలు ఉండవచ్చు; మూడు రెట్లంటే తొమ్మిది రూపాయలు, దానితో ఇవాళ టీ కూడా రాదు. అందుకే ‘ఈనాటి ధర’ అని రాశాను. ఇప్పుడు ఎక్కడా అమ్మకానికి లేని పుస్తకాలను అసలు ఇంటికి ఇవ్వకుండా అక్కడే చదువుకునేలా ఉంచడం మంచిది. ఇదివరకే ఇచ్చినది పోయి ఉంటే, సభ్యుడితో మాట్లాడి అదే విషయం మీద మరొక మంచి పుస్తకం తీసుకోండి. ఆ పుస్తకమే కావాలనుకుంటే, దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వాడకానికి మూడు ప్రతులకు మించకుండా నకలు తీయించుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. మూల ప్రతి కోసం కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయంలో అడిగి చూడవచ్చు. అలాగే డిపాజిట్ 200 రూపాయలే కాబట్టి, 500, 600 రూపాయల పుస్తకాల విషయంలో పైన నేను వేసిన లెక్క కుదరదు, మౌనంగా ఉండటమే మళ్లీ చవక అవుతుంది. అలాంటివాటిని చదివే గదిలోనే ఉంచండి, లేదా ఆ పుస్తకం వరకు అదనపు డిపాజిట్ అడగండి.

పోటీ పరీక్షల పుస్తకాలకు నోటిఫికేషన్ పడగానే ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది, అప్పుడు రుసుము పెంచాలని కమిటీకి అనిపిస్తుంది. పెంచకండి. ఆ పుస్తకాలకు గడువును ఏడు రోజులకు తగ్గించి, అడిగినవారి పేర్లు వరుసగా రాసుకొని, పుస్తకం ఉన్నవారికి “మీ తరువాత ఇద్దరు ఈ పుస్తకం కోసం చూస్తున్నారు” అని కబురు పంపండి. తనలాగే చదువుకుంటున్న ఇంకొకరు ఎదురుచూస్తున్నారన్న మాటకు ఉన్న బలం రూపాయికి లేదు. అయితే అది నిజమైనప్పుడే పంపాలి. ఎవరూ అడగని పుస్తకానికి కూడా అదే కబురు పంపితే, పుస్తకం తెచ్చి ఇచ్చిన వారానికి అది బీరువాలోనే ఉండటం ఆ పిల్లవాడు చూస్తాడు, ఆ తరువాత మీ మాట నమ్మడు.

కబురు పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు పాటించండి. గడువుకు రెండు రోజుల ముందే మొదటి కబురు వెళ్లాలి, దానిలో డబ్బు ప్రస్తావన ఉండకూడదు: “మీ దగ్గరున్న పుస్తకం గడువు ఎల్లుండి ముగుస్తుంది. ఇంకా కావాలంటే ఈ నంబరుకు ఒక్క మాట చెప్పండి.” రెండవది, ఇంట్లోవారు ఫోను ఎత్తితే పుస్తకం పేరు చెప్పకండి, గ్రంథాలయం నుంచి ఫోను వచ్చిందని మాత్రమే చెప్పండి. ఎవరు ఏమి చదువుతున్నారన్నది వారి సొంత విషయం.

బోర్డు ఎంత బాగా రాసినా అది గోడ మీద ఉంటుంది, భయపడిన పాఠకుడు ఇంట్లో ఉంటాడు. కాబట్టి పుస్తకం వెనుక అట్ట లోపల అంటించే గడువు చీటీ మీద, తేదీల గడులకు పైన, ఇంత మాత్రం అచ్చు వేయించండి: “ఆలస్యమైనా తీసుకురండి, 20 రూపాయలకు మించదు. పుస్తకం పోతే మాకు చెప్పండి.” కింద ఫోను నంబరు. పుస్తకం నిజంగానే పోయినవారికి చీటీ కూడా ఉండదు, నిజమే. వారికి మీ కబురే చీటీ.

కొత్త నిబంధన పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి వసూలైన రుసుము మొత్తం చూడకండి, అది తగ్గుతుంది, తగ్గాలి కూడా. ఇష్యూ రిజిస్టరులో రెండు లెక్కలు వేరుగా రాయండి: పుస్తకం పోయిందని తమంతట తాముగా వచ్చి చెప్పినవారు నెలకు ఎందరు, రెండు నెలలు దాటిన తరువాత తిరిగి వచ్చిన పుస్తకాలు ఎన్ని. మొదటి నెలల్లో ఈ రెండూ పెరగవచ్చు, మొదటి లెక్క చూసి కోశాధికారిగారు పుస్తకాలు ఎక్కువగా పోతున్నాయని అనవచ్చు. అవి పోయింది ఇదివరకే, ఇప్పుడు చెబుతున్నారంతే. ఆరు నెలల తరువాత కూడా రెండు నెలలు దాటినా రాని పుస్తకాల మొత్తం సంఖ్య తగ్గకపోతే మాత్రం, హద్దును 20 నుంచి 30కి పెంచి చూడటంలో తప్పు లేదు.

ఇదంతా మొదలుపెట్టే ముందు పాత బకాయిల సంగతి తేల్చండి. కొత్త బోర్డు పెట్టి, పాత సభ్యుల పేర పాత లెక్కే కొనసాగిస్తే రావడం మానేసినవారిలో ఎవరూ రారు. మీది కమిటీ నడిపే గ్రంథాలయం కాబట్టి కార్యదర్శి ఒక్కరే మాఫీ చేయకండి; కమిటీ సమావేశంలో “ఫలానా తేదీకి ముందు పేరుకున్న ఆలస్య రుసుములకు కూడా 20 రూపాయల హద్దు వర్తిస్తుంది” అని తీర్మానించి మినిట్స్ పుస్తకంలో రాయించండి, అప్పుడు ఆడిట్‌లో ఎవరూ వేలు చూపలేరు. ఆ తీర్మానం అయిన మరునాడు, రిజిస్టరులో గడువు దాటి ఉన్న ప్రతి సభ్యుడికీ మీరే స్వయంగా ఫోను చేసి, పుస్తకం గురించి అడగక ముందే ఆ 20 రూపాయల హద్దు మాట చెప్పండి.